మైకు పట్టుకునే ముందు

గోదావరి డెల్టాలో ఒక ఊరి వేణుగోపాలస్వామి గుడికి చాలాకాలం ధర్మకర్తల మండలి అధ్యక్షుడిగా ఉన్నాను. నా హయాంలో రెండుసార్లు ఎవరో రాత్రిపూట గుడిలో చొరబడి విధ్వంసం చేశారు. మొదటిసారి తొందరలో చేయకూడనివన్నీ చేశాను. రెండోసారికి కొంత బుద్ధి వచ్చింది. ఊరి పేరు రాయడం లేదు. ఆనాడు ఎదురెదురుగా నిలబడ్డవాళ్ళు ఇప్పటికీ పక్కపక్క వీధుల్లోనే ఉంటున్నారు. రేపు మీ చేతికి మైకు వస్తే పనికొస్తాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1. మైకు కంటే ముందు తాళం.

మొదటిసారి తెల్లవారకముందే అర్చకస్వామి పరుగున వచ్చారు. గుడి తలుపు పగిలి ఉందట, జయవిజయుల్లో ఒకరి చేయి విరిగి కింద పడి ఉందట. నేను చొక్కా వేసుకుని వెళ్ళేసరికే సగం ఊరు మండపంలో ఉంది. కొందరు ఏడుస్తున్నారు. ఒకాయన విరిగిన చేతిని తీసి పళ్ళెంలో పెట్టాడు. ఆడవాళ్ళు మైల పోవాలని పసుపునీళ్ళతో నేలంతా కడిగేశారు. అందరూ భక్తితో చేసిందే, నేనూ వద్దనలేదు. తర్వాత క్లూస్ టీమ్ వస్తే వాళ్ళకు దొరికిన వేలిముద్రలన్నీ మావే. డాగ్ స్క్వాడ్ కుక్క మండపంలోనే రెండుసార్లు తిరిగి కూర్చుండిపోయింది. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడంలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

రెండోసారి అర్చకస్వామి కబురు చెప్పగానే 112కి ఫోన్ చేశాను. ప్రహరీ గేటు మూయించి ఇద్దరు పెద్దమనుషులను కాపలా పెట్టాను. పగిలిన తాళం, తలుపు చెక్కలు పడినవి పడినట్టే ఉన్నాయి. అప్పటికే లోపలికి వెళ్ళొచ్చింది ఎవరు, ఏం ముట్టుకున్నారు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టాను. అలా రాసి ఉంటే పోలీసులు మన ముద్రలను పక్కన పెట్టి కొత్తవాటి కోసం వెతకగలుగుతారు. నైవేద్యం ఆలస్యమవుతోందని అర్చకస్వామి బాధపడ్డారు. చివరికి బయట అరుగు మీద కలశం పెట్టి ఆ పూటకు ఆరాధన జరుపుదామని దారి చూపించిందీ ఆయనే.

2. చూసినదే చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు.

మొదటిసారి మైకులో నేనన్న మాటలు నాకింకా గుర్తే. "ఇది ఎవరి పనో మాకు తెలుసు, ఊరుకునేది లేదు" అన్నాను. నాకేమీ తెలియదు. ఊరంతా నా వైపు చూస్తుంటే గట్టివాడిలా కనబడాలనుకున్నాను, అంతే. విన్నవాళ్ళు ఎవరికి తోచిన పేరు వాళ్ళు తగిలించుకున్నారు. మధ్యాహ్నానికల్లా రెండు వీధుల అవతల ఉన్న ప్రార్థనామందిరం కిటికీ అద్దాలు పగిలాయి. పగలగొట్టింది మా కుర్రాళ్ళే. గుడి కేసులో ముద్దాయి లేడు. మందిరం కేసులో మాత్రం ముద్దాయిలంతా మా ఊరివాళ్ళే. వాళ్ళలో ఒకడు కానిస్టేబుల్ పరీక్ష పాసయ్యాడు. వెరిఫికేషన్‌లో ఈ కేసు అడ్డుపడింది. అతని తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధించింది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం, సుమారు నలభై అడుగుల టేకు రథం, అర్ధరాత్రి కాలి బూడిదైంది. కారణం తేలకముందే నిరసనకారుల్లో కొందరు దగ్గర్లోని చర్చి మీద రాళ్ళు వేశారు. అరెస్టులు జరిగాయి. దర్యాప్తును సీబీఐకి ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరికి స్వామికి కొత్త రథం వచ్చేసింది. రాళ్ళు వేసినవాళ్ళ మీద పడిన కేసులు అంత త్వరగా పోయేవి కావు.

3. ప్రకటనను ముందు కాగితం మీద రాసుకోవాలి.

గొంతు వణుకుతున్నప్పుడు నోటికి వచ్చిందల్లా మాట్లాడకూడదు. రెండోసారి నేను చదివిన కాగితం ఇది:

"గ్రామస్తులందరికీ విజ్ఞప్తి. ఈ తెల్లవారుజామున వేణుగోపాలస్వామి గుడి తాళం పగిలి ఉండటం, లోపల కొంత నష్టం జరగడం అర్చకస్వామి చూశారు. మూలవిరాట్టుకు ఏమీ కాలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, వాళ్ళు వచ్చి పరిశీలిస్తున్నారు. ఇది ఎవరు చేశారో ఇంకా తెలియదు. పరిశీలన అయ్యేదాకా గుడి ఆవరణలోకి ఎవరూ రావద్దు. రాత్రి గుడి దారిలో కొత్త మనుషులను గానీ బండిని గానీ చూసినవాళ్ళు, ఎంత చిన్న సంగతి అయినా, స్టేషన్‌కు వెళ్ళి చెప్పండి. గుంపులు కట్టవద్దు. ఎవరి ఇంటి మీదికీ, ఎవరి ప్రార్థనాస్థలం మీదికీ వెళ్ళవద్దు. మళ్ళీ పదకొండు గంటలకు ఇదే మైకులో మాట్లాడతాం."

నేను మొదట రాసినదాంట్లో ఇంకో వాక్యం ఉండేది. తలుపును దేంతో పగలగొట్టారో, ఆ వస్తువు ఎక్కడ దొరికిందో అందులో రాశాను. చదివే ముందు ఎస్సైగారికి చూపిస్తే ఆయన ఆ వాక్యం కొట్టేశారు. ఆ సంగతి చేసినవాడికి, పోలీసులకు మాత్రమే తెలిసి ఉండాలట. రేపు ఎవడైనా నేనే చేశానని ఒప్పుకుంటే, లేదా ఎవరి మీదైనా చాడీ వస్తే, నిజమో అబద్ధమో తేల్చడానికి అదే పనికొస్తుందట. అంతకుముందు నాకు ఈ ఆలోచనే లేదు. అందుకే మైకు దగ్గరికి వెళ్ళే ముందు కాగితాన్ని దర్యాప్తు అధికారికి ఒకసారి చూపించండి.

అన్నిటికంటే పనిచేసింది చివరి వాక్యం. మళ్ళీ ఎప్పుడు చెబుతారో తెలిస్తే జనం అప్పటిదాకా ఆగుతారు. తెలియకపోతే టీకొట్టు దగ్గర పుట్టే కబుర్లే వాళ్ళకు వార్తలవుతాయి. పదకొండు గంటలకు చెప్పడానికి నా దగ్గర కొత్త విషయం ఏదీ లేదు. లేదనే చెప్పి, మళ్ళీ సాయంత్రం ఆరింటికి మాట్లాడతానన్నాను. అదే కాగితం నకళ్ళు పాస్టరుగారికీ మసీదు పెద్దకూ పంపాను, వాళ్ళూ తమ వాళ్ళకు చదివి వినిపించారు. మూడు చోట్లా ఒకే మాట వినబడటంతో పుకారుకు చోటు లేకపోయింది.

4. ఫిర్యాదులో కోపం కాదు, వివరం ఉండాలి.

మొదటి ఫిర్యాదు పది మంది కలిసి రాశాం. రెండు పేజీల ఆవేదన, అనుమానంగా నలుగురి పేర్లు. తాళం ఎప్పుడు వేశారో, తలుపు పగిలిందని ఎవరు ముందు చూశారో అందులో లేదు. ఫిర్యాదును కళ్ళారా చూసినవాళ్ళు గానీ గుడి బాధ్యత ఉన్నవాళ్ళు గానీ ఇవ్వాలి. దేవాదాయ శాఖ గుడి అయితే ఈవో ఉంటారు. రాత్రి తాళం వేసింది ఎవరు, ఎన్ని గంటలకు, పొద్దున ఏ స్థితిలో కనబడింది, ఏమేం పోయాయి, ఏమేం పోలేదు, ఇవి రాస్తే చాలు. అనుమానం ఉంటే దానికి కారణం ఏమిటో దర్యాప్తు అధికారికి చెప్పండి. కారణం లేని పేరు రాయకండి.

నోటితో చెప్పినా పోలీసులు రాసుకుని, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ప్రార్థనాస్థలాన్ని ధ్వంసం చేయడం, అపవిత్రం చేయడం భారతీయ న్యాయ సంహితలో 298వ సెక్షన్ కిందికి వస్తుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు తొంభై రోజుల్లోపు తెలియజేయాలని కొత్త క్రిమినల్ చట్టాల్లో ఉంది. పోలీసులకు సహకరించడమంటే నోరు మూసుకుని కూర్చోవడం కాదు. తేదీ గుర్తుపెట్టుకుని, ఎఫ్‌ఐఆర్ నకలు పట్టుకుని స్టేషన్‌కు వెళ్ళి అడగడం కూడా సహకారమే.

5. కెమెరా రికార్డును ముందు కాపాడాలి, ఫొటోను ముందు ఆపాలి.

కెమెరాల రికార్డరులో డిస్కు నిండితే పాత దృశ్యాల మీదే కొత్తవి ఎక్కుతాయి. గుడిదే కాదు, దారిలో ఉన్న కిరాణా కొట్టు, రైస్‌మిల్లు కెమెరాల సంగతి కూడా ఆ రోజే పోలీసుల చెవిన వేయండి. రికార్డరు గడియారం అసలు టైముకు ఎంత తేడాగా ఉందో చూసి రాసిపెట్టండి. ఆ రాత్రి దృశ్యాలను మీరే కత్తిరించి పంచుకోవద్దు. రికార్డరును పోలీసులకే అప్పగించండి.

విరిగిన విగ్రహం ఫొటో విషయంలో మాత్రం నేను మొండిగా ఉన్నాను. మా ఊరి వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ పోస్టు చేయకుండా ఆ పూటే మార్పించాను. కుర్రాళ్ళకు కోపం వచ్చింది. జరిగింది దాస్తున్నారా అని అడిగారు. దాచలేదు, మైకులో చెప్పాను. కానీ మాటతో పాటు పదకొండు గంటల ప్రకటన కూడా వింటారు. ఫొటో ఒక్కటే పక్క జిల్లాకు పోతుంది, దాని వెనక ప్రకటన పోదు.

6. సంప్రోక్షణకు తొందరపడకూడదు.

పంచనామా రాసి, క్లూస్ టీమ్ పని ముగించి, పోలీసులు సరే అన్నాకే శుద్ధి. విరిగిన భాగాలు సాక్ష్యం కింద వాళ్ళ దగ్గరే ఉంటాయి, తిరిగి కావాలంటే కోర్టును అడగాలి. అంతమాత్రాన గుడి ఆగదు. రామతీర్థంలో 2020 డిసెంబరులో కోదండరాముడి విగ్రహాన్ని ఖండించినప్పుడు దర్యాప్తు ఒకవైపు నడుస్తుండగానే, టీటీడీ చేయించిన కొత్త విగ్రహాలను మరుసటి నెలలో బాలాలయంలో ప్రతిష్ఠించారు. మాకూ శుద్ధికి రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజులూ సాయంత్రం గేటు బయటే భజన జరిగింది.

ప్రకటన విన్న ఒక పాలవ్యాను డ్రైవరు, ఆ రాత్రి గట్టు మీద లైటు లేని మోటారుసైకిలు చూశానని స్టేషన్‌కు వెళ్ళి చెప్పాడు. కొన్ని వారాలకు వేరే మండలంలో హుండీ పగలగొడుతూ దొరికినవాళ్ళే మా గుడిలోకీ వచ్చారని తేలింది. మా హుండీ తాళం రాక, ఆ కసి కొద్దీ చేతికందినది విరగ్గొట్టారట. మా ఊళ్ళో ఎవరికీ వాళ్ళతో సంబంధం లేదు.

పైన రాసిన ప్రకటనలో మీ గుడి పేరో, మసీదు పేరో, చర్చి పేరో పెట్టి ఒక నకలు రాసుకోండి. మీ స్టేషన్ ఫోన్ నంబరు కూడా దానిమీద రాసి, ఈ వారంలోనే మైకు గదిలో గోడకు అంటించండి.