ఆసుపత్రి బీమా సొమ్ము తగ్గి వస్తే కోతలు చదవడం ఎలా?

పాల బిల్లు చేతికి రాగానే మనం ముందుగా చూసేది కోతలనే. దాణా బాకీ ఎంత, అప్పు వాయిదా ఎంత అని సరిచూసుకొంటాము. బీమా కంపెనీ పంపే చెల్లింపు కాగితాన్ని కూడా అలాగే చదవాలి.

2007లో ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళం ఒకటి. ఆ పథకంలో జాబితాలోని చికిత్సకు రోగి డబ్బు కట్టనక్కరలేదు. ప్రీమియం కట్టి కొనుక్కొన్న పాలసీ అలాంటిది కాదు. అందులో మన వంతు కొంత ఉంటుంది.

ఉదాహరణకు, నరసన్నపేట వైపు సభ్యుడొకరు తన తండ్రికి విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించారనుకొందాం. బిల్లు రూ.84,000. చేతికి వచ్చినది రూ.51,200.

మొదటి కోత నాన్ పేయబుల్, అనగా పాలసీ చెల్లించని వస్తువులు. ఇది రూ.6,000. తోడున్నవారి భోజనం, మినరల్ వాటర్, డైపర్లు రూ.3,900. ఇవి మనవే. ఫైలు ఖర్చు, హౌస్ కీపింగ్ రూ.2,100. పాలసీ వెనుక అనుబంధ జాబితాలో ఇవి గది అద్దెలోనే కలిసి ఉండవలసినవి. వీటిని విడిగా ఎందుకు వేశారని అడగవలసినది ఆసుపత్రినే. మిగిలినది రూ.78,000.

రెండవది డిడక్టిబుల్. మొదటి ఇంత సొమ్ము మనమే భరిస్తామని పాలసీలో ఒప్పుకొన్న మొత్తం. ఇక్కడ రూ.10,000. ఇది ఏడాదికొకసారా, చేరిన ప్రతిసారా అన్నది పాలసీలో చూడాలి. ఏడాదికొకసారి అయి, ఇంతకుముందే పూర్తిగా కోసి ఉంటే మళ్ళీ కోయరాదు. మిగిలినది రూ.68,000.

మూడవది కో-పే, అనగా శాతంలో మన వాటా. పెద్ద వయసు వారికి కొన్ని పాలసీలలో 20 శాతం ఉంటుంది. ఈ పాలసీలో అది పై రెండు కోతలు పోగా మిగిలిన దానిమీదనే. అంటే రూ.13,600. రావలసినది రూ.54,400.

మరి రూ.51,200 ఎందుకు వచ్చింది? మొత్తం బిల్లు రూ.84,000 మీద 20 శాతం లెక్కకట్టి రూ.16,800 కోశారు. తేడా రూ.3,200. కోతల వరుస పాలసీని బట్టి మారవచ్చును గనుక ముందు ఆ షరతు చదివి, తర్వాతే అడగాలి.

కొంత సొమ్ము తగ్గించినప్పుడు ఏ షరతు ప్రకారమో కంపెనీ వివరంగా తెలపాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. కాగితంలో ఆ షరతు లేకపోతే వ్రాతమూలకంగా అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి వ్రాసి నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చును. రుసుము లేదు. పాలసీ, బిల్లులు, చెల్లింపు కాగితం నకళ్ళు జతపరచండి.