ఆ ఒత్తు జుట్టు నీ నూనె చలవేనా, చెల్లీ?

మందారాకు, మెంతులు, కరివేపాకు వేసి ఇంట్లోనే తలనూనె కాచి అమ్ముకుంటున్న చెల్లీ, ఇవాళ్టి ముచ్చట నీతోనే. నీ వాట్సాప్ స్టేటస్‌లో పక్కపక్కన రెండు ఫొటోలు పెడతావు చూడు, "వాడకముందు, వాడాక" అని; కింద "నెలలో ఒత్తయిన జుట్టు గ్యారంటీ" అని రాస్తావు. ఆ గ్యారంటీ గురించే మాట్లాడుకుందాం.

తలవెంట్రుక నెలకు పెరిగేది సుమారు ఒక సెంటీమీటరే. నెల తిరిగేసరికి జడ జానెడు పెరిగినట్టు ఫొటోలో కనిపిస్తే, అది నూనె మహిమ కాదు. మొదటి ఫొటోలో తల తడిగా, పాపిడి వెడల్పుగా ఉండి ఉంటుంది. రెండోదానిలో జుట్టు ఆరబెట్టి, దువ్వి, కిటికీ వెలుతురులో నిలబెట్టి ఉంటారు.

ఫొటోలు నిజమైనవే అయినా మాట తప్పు కావచ్చు. నీ దగ్గర కొన్న ఒక బాలింతనే తీసుకో. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలకుండా నిలిచిన జుట్టు, కాన్పయిన రెండు మూడు నెలలకు కుచ్చులుగా ఊడుతుంది. చాలామందికి ఏడాదిలోపు దానంతటదే తిరిగి వస్తుంది. ఆ అమ్మాయి నాలుగో నెలలో నీ నూనె మొదలుపెట్టింది, పదో నెలకి నుదుటి దగ్గర కొత్త వెంట్రుకలు కనిపించాయి. నూనె రాయకపోయినా అవి వచ్చేవే. ఆ ఫొటో చూసి, థైరాయిడ్ వల్లో ఐరన్ తక్కువవడం వల్లో జుట్టు ఊడుతున్న ఇంకో అమ్మాయి రక్తపరీక్ష మానేసి నీ సీసా మీద ఆశ పెట్టుకుంటే? దెబ్బతినేది ఆమె ఆరోగ్యం.

అలాగని నీ నూనెలో గుణం లేదనను. అది కొబ్బరినూనెతో కాచిందైతే, తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుకలోని ప్రొటీన్ పోవడం తగ్గుతుంది, చిక్కులు తేలిగ్గా వస్తాయి. చెప్పుకోవడానికి అది చాలు. ఫొటోలు రెండూ ఒకే చోట, ఒకే వెలుతురులో, ఆరిన జుట్టుతో, ఒకే పాపిడితో తియ్యి. ఫిల్టర్ వద్దు. ఫొటోలోని అమ్మాయిని అడిగి, సరేనంటేనే పెట్టు. కింద ఇలా రాయి: "కాన్పయిన నాలుగో నెల, పదో నెల ఫొటోలు. ఈ సమయంలో జుట్టు సహజంగానే తిరిగి వస్తుంది. మా నూనెతో చిక్కులు తగ్గాయని ఈమె చెప్పారు. జుట్టు బాగా ఊడుతుంటే డాక్టరుకి చూపించండి."

చట్టమూ ఇదే అడుగుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారే 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు.

నీ పాత పోస్టులు ఈ రాత్రే ఒకసారి తిరగెయ్యి, చెల్లీ. నువ్వు రుజువు చూపలేని "గ్యారంటీ" ఎక్కడున్నా తీసెయ్యి.