శుభలేఖకు సూతకంలో జాబు

మా తండ్రిగారు మార్గశిరంలో పరమపదించారు. రెండు మాసాలు తిరగకముందే మాఘంలో మా మేనమామ గారి అమ్మాయి వివాహమని శుభలేఖ వచ్చింది. మేము ఏటిసూతకంలో ఉన్నామని, రాలేమని మామయ్యకు తెలియనిది కాదు. తెలిసీ పసుపు అద్దిన లేఖ పంపించారు. అంతకుముందు ఆరేళ్లుగా ఒక పొలం విషయమై రెండు ఇళ్ల మధ్య రాకపోకలు సన్నగిల్లాయి. నాన్నగారి పరామర్శకు వచ్చిన మామయ్య ఆ మౌనాన్ని మొదట తానే తెంచారు. ఇప్పుడు మేము బదులు వ్రాయక ఊరుకుంటే, సూతకం వలన రాలేదని కొందరు, మనసు కలవక రాలేదని మరికొందరు అనుకుంటారు. కనుక ఆ జాబు వ్రాయడం నాకు పెద్ద పరీక్ష అయింది.

కలము పట్టేముందు తేల్చుకోవలసినది ఒకటున్నది. మనము ఏ సూతకంలో ఉన్నాము? పది దినాల ఆశౌచం వేరు, సంవత్సర సూతకం వేరు. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే జాబులలో తప్పులు దొర్లుతాయి. (మా ఇంటి ఆచారం పది దినాలు. కులాచారాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది.)

పది దినాల ఆశౌచం దాయాదులందరికీ ఉంటుంది. ఆ రోజులలో నమస్కరించడం గాని, ఆశీర్వదించడం గాని లేదు. కనుక "నమస్కారములు" అని మొదలై "ఆశీస్సులు" అని ముగిసే జాబు ఆ ఇంటినుండి వెళ్లరాదు. లేఖపై 'శ్రీ' కూడా వ్రాయరు. వివాహం ఇంకా దూరముంటే శుభస్వీకారం జరిగేవరకు ఆగి జాబు వ్రాయడమే మేలు. ముహూర్తం ఆ లోపలే ఉంటే, ఆశౌచం లేని అల్లుని చేతనో, వేరే గోత్రపు బంధువు చేతనో నాలుగు ముక్కలు చెప్పించాలి. పెళ్లివారు మనకు దాయాదులే అయితే సంగతి పూర్తిగా వేరు. అప్పుడు వార్తను ఒక్క పూట కూడా దాచరాదు, ఎందుకంటే ఆశౌచం వారికీ వస్తుంది. నాంది జరిగిపోయిన తరువాత వచ్చిన ఆశౌచం ఆ వివాహానికి అడ్డు కాదని శాస్త్రం. నాంది కాకముందే అయితే ముహూర్తం మార్చుకోవాలా అన్నది వారి పురోహితులు నిర్ణయించవలసిన విషయం.

ఇక సంవత్సర సూతకం ప్రధానంగా కర్మ చేసిన కర్తకు, అతని భార్యకు, అతనితో కలిసి ఉండే కుటుంబానికి సంబంధించినది. ఆ ఏడాది కర్త శుభకార్యాలకు వెళ్లడు, పరాన్నం భుజించడు. సపిండీకరణం పన్నెండవ నాడే జరిగినా మాసికాలు సాగుతూనే ఉంటాయి గనుక, అంతటితో ఏడాది నియమం తీరిపోయిందని మా పురోహితులు ఒప్పుకోరు. అయితే శుభస్వీకారమైన తరువాత నమస్కారాలకు, ఆశీస్సులకు అడ్డు లేదు. వేరు కాపురమున్న దాయాదులకు పది దినాలతోనే శుద్ధి. దూరపు దాయాది ఎవరైనా మూడు నెలల తరువాత "మాకు సూతకం" అని వ్రాస్తే, ఆ లెక్క తెలిసిన పెళ్లింటి పెద్ద దానిని సాకుగానే గ్రహిస్తాడు. అంతకంటె పని ఉన్నదని వ్రాయడమే గౌరవం.

మా ఇంటిది రెండవ రకం. కర్తను నేను. మొదటి చిత్తు వ్రాసి అమ్మకు చదివి వినిపించాను. అందులో నాన్నగారి చివరి రోజుల సంగతి ఎనిమిది పంక్తులున్నది. "మా దురదృష్టవశాత్తు ఈ శుభకార్యమును చూచుకొను భాగ్యము లేకపోయినది" అని ఒక వాక్యమున్నది. అమ్మ అంతా విని, "ఈ జాబు పెళ్లింటి గుమ్మంలో ఎవరు విప్పుతారో నీకు తెలుసా? పసుపు చేతులతో ఉన్న ఆడపిల్ల విప్పవచ్చు" అన్నది. ఆ ఎనిమిది పంక్తులూ, ఆ వాక్యమూ కొట్టివేశాను. మరణం, దుఃఖం, దురదృష్టం అనే మాటలు జాబులో ఒక్కచోట కూడా ఉండనవసరం లేదు. "ఏటిసూతకం" అన్న ఒక్క మాటతో తెలియవలసినదంతా తెలుస్తుంది.

అలాగని కారణమే వ్రాయకపోవడం ఇంకా పెద్ద తప్పు. "అనివార్య కారణములచే" అన్న మాట కచేరీ కాగితాలకు సరిపోతుంది. ఆరేళ్లు మాటలు లేని బంధువు దగ్గర అది పాత గాయాన్నే రేపుతుంది.

చివరికి పంపిన జాబు ఇది:

"శ్రీ
పూజ్యులైన మామయ్య గారికి, అత్తయ్య గారికి నమస్కారములు.
తమరు పంపిన శుభలేఖ అందినది. చి.ల.సౌ. అమ్మాయి వివాహము నిశ్చయమైనందుకు అమ్మ, మేము మిక్కిలి సంతోషించితిమి. మమ్ములను తలచుకొని పిలిచినందుకు అమ్మ మరీ మరీ సంతోషించినది. మాకు ఏటిసూతకము ఉన్నందున ముహూర్తమునకు రాలేకపోవుచున్నాము. మా చెల్లెలు, బావగారు ముందురోజుననే వచ్చి, అప్పగింతలు ముగియువరకు ఉండెదరు. మేనత్త పక్షమున జరుగవలసినవి చెల్లెలు జరిపించును. వధూవరులకు అమ్మ ఆశీస్సులు. మాఘమాసములో కాకపోయినను, మా సంవత్సరీకము ముగిసిన పిదప అమ్మను వెంటబెట్టుకొని వచ్చి నూతన దంపతులను చూచెదము.
ఇట్లు, తమ మేనల్లుడు."

ఇందులో రాలేమన్న మాట ఒక్క వాక్యమే. దానికి ముందు సంతోషమున్నది, వెనుక మా బదులు ఎవరు వస్తారో ఉన్నది. చెల్లెలిని పంపడానికి ఆధారమున్నది. వివాహమైన కూతురికి తల్లిదండ్రుల ఆశౌచం మూడు దినాలే, ఆమెకు ఏటిసూతకం లేదు. (కొన్ని ఇళ్లలో ఆడపడుచులు కూడా కొంతకాలం శుభకార్యాలకు వెళ్లరు. అత్తవారి ఆచారం అడిగి, ఆమె ఒప్పుకున్న తరువాతనే జాబులో ఆ మాట వ్రాయాలి.) మేనత్త పెట్టవలసిన చీరకు అమ్మ డబ్బు ఇచ్చింది. చీర మాత్రం మా గడప తొక్కకుండా, చెల్లెలు తన ఊరి దుకాణంలోనే కొని, పసుపుకుంకుమలతో తన ఇంటినుండే తీసుకువెళ్లింది. ఇది శాస్త్రమని చెప్పను. పెళ్లింటివారి మనసులో ఏ శంకా మిగలకూడదని అమ్మ చేసిన ఏర్పాటు.

జాబు చేరవలసిన వేళను కూడా చూసుకోవాలి. పెళ్లికూతురిని చేసే నాటికి చేరేటట్లు వ్రాస్తే, వారు మన జాబు చదవడానికి పని ఆపవలసి వస్తుంది. శుభలేఖ అందిన నాలుగవ నాడే నేను పంపించాను, వివాహానికి ఇంకా పద్దెనిమిది రోజులుండగా. భోజనాల లెక్క కూడా వారికి అప్పటికే తేలుతుంది. ఈ రోజుల్లో వాట్సాప్‌లో బంధువులందరి బృందంలో బదులివ్వడం అలవాటైంది. అక్షతల బొమ్మల నడుమ సూతకం మాట వ్రాయవద్దని నా మనవి. పెద్దవారికి విడిగా వ్రాయండి, లేదా ఫోనులో చెప్పండి.

పెళ్లి నుండి తిరిగివచ్చిన చెల్లెలు ఒక సంగతి చెప్పింది. విడిదింట్లో ఎవరో "మీ అక్కగారు రాలేదేమి?" అని అడిగితే, మామయ్య బదులు చెప్పక, చొక్కా జేబులోనుండి ఆ జాబు తీసి, అందరూ వినేటట్లు మొదటినుండి చివరివరకు చదివారట. ఆ ఎనిమిది పంక్తులు ఉండి ఉంటే ఆ పందిట్లో చదవగలిగేవారు కారు.