ఒక్క చప్పట్లో కలిసే దృశ్యం, ధ్వని

హాలు వెనుక 20 మీటర్ల దూరంలో కెమెరా ఉంది. వేదికపై హరిదాసు దగ్గర విడిగా ఒక ఆడియో రికార్డరు ఉంది. కథ గంటసేపు సాగింది. ఇప్పుడు కెమెరా తీసిన దృశ్యానికి రికార్డరులోని స్పష్టమైన ధ్వనిని జతచేయాలి.

ఇందుకు పాత పద్ధతి చప్పట్లు. కథకు ముందు రికార్డరు పక్కన, కెమెరాకు కనిపించేలా ఎవరో ఒకరు గట్టిగా ఒక చప్పట కొడతారు. ఎడిటింగ్‌లో అరచేతులు తాకిన మొదటి ఫ్రేమును వెతికి, రికార్డరు ధ్వని రేఖలో నిటారుగా లేచిన ముల్లును దాని కిందకు జరుపుతారు.

రెండో పద్ధతిలో ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. కెమెరా సొంత మైకులో పడ్డ ధ్వని ఎంత నాసిగా ఉన్నా, దాని హెచ్చుతగ్గులు రికార్డరులోని వాటినే పోలి ఉంటాయి. ఒక తరంగాన్ని రెండోదానిపై కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతి స్థానంలోనూ రెండింటి విలువలను గుణించి కూడుతారు. మొత్తం అత్యధికంగా వచ్చిన చోట అవి కలిసినట్లు లెక్క. చిడతల తాళం ఒకే లయలో సాగే భాగాన్ని మాత్రమే ఇస్తే మాత్రం పోలిక ఒక దెబ్బ అటో ఇటో తప్పవచ్చు. మాటలున్న భాగం ఇస్తే ఆ చిక్కు రాదు.

అయితే ఈ హాలులో రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇవ్వవు. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు ప్రయాణిస్తుంది. కెమెరాను చేరడానికి దానికి 58 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లే. తరంగాలను పోల్చే సాఫ్ట్‌వేర్, ఆలస్యంగా అందిన ఈ ధ్వనికే రికార్డరును సరిచేస్తుంది. దూరం నుంచి జూమ్ చేసి తీసిన ముఖంలో పెదవులు ముందు, మాట తర్వాత! అందుకే ఇక్కడ మొదలును కంటితో చూసిన చప్పటతోనే కలపాలి.

అలా కలిపినా గంట చివర మళ్లీ తేడా కనిపించవచ్చు. రెండు పరికరాల్లోనూ సమయాన్ని కొలిచేది వేర్వేరు క్వార్ట్జ్ స్ఫటికాలు. సెకనుకు 48,000 నమూనాలు తీయాల్సిన రికార్డరు, కెమెరా గడియారంతో పోలిస్తే ఒక్కటి ఎక్కువ తీస్తోందనుకుందాం. గంటలో 3,600 నమూనాలు అదనంగా చేరతాయి. అంటే 75 మిల్లీసెకన్లు, దాదాపు రెండు ఫ్రేములు. చివరికి ధ్వని అంత వెనకబడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి కథ ముగిశాక అదే చోట మరో చప్పట కొట్టాలి. రెండు చప్పట్ల మధ్య వ్యవధిని కెమెరా ధ్వనిలోనూ, రికార్డరు ధ్వనిలోనూ కొలవాలి. కెమెరా కదలకపోతే దూరం వల్ల వచ్చే ఆలస్యం రెండు చప్పట్లకూ సమానమే కాబట్టి, ఈ కొలతకు కెమెరా మైకును నమ్మవచ్చు. పై ఉదాహరణలో రికార్డరు ధ్వని నిడివిని 99.998 శాతానికి కుదిస్తే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో అంత సూక్ష్మమైన మార్పుకు వీలు లేకపోతే, హరిదాసు ఊపిరి తీసుకునే నిశ్శబ్దాల దగ్గర ధ్వనిని కోసి, ప్రతి ముక్కనూ కాస్త ముందుకు జరుపుకోవచ్చు.