ఢిల్లీ ఉత్తర్వు ఓరుగల్లు చేరిన దారి
సుల్తానుల కాలంలో అంచె తపాలా ఎలా ఏర్పడింది, ఎలా పరుగెత్తింది, ఎక్కడ తెగింది

ఢిల్లీ నుంచి దేవగిరికి, అంటే తర్వాతి దౌలతాబాదుకు, నడక మీద 40 రోజుల ప్రయాణమని 14వ శతాబ్దపు మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. అక్కడి నుంచి ఓరుగల్లు ఇంకా దూరం. మధ్యలో నర్మద, తపతి, గోదావరి, వింధ్య అడవులు. ఇంత దూరాన ఉన్న సేనాపతికి సుల్తాను మాట రోజుల్లోనే చేరాలి, అక్కడి కబురు రోజుల్లోనే వెనక్కి రావాలి. ఖిల్జీలు, తుగ్లక్‌లు ఈ పని ఎలా సాధించారో ఇబ్న్ బతూతా, ఢిల్లీ చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ, అరబ్బు రచయిత అల్ ఉమరీ మనకు చెప్పారు. వాళ్ల రాతల ఆధారంగా ఆ ఏర్పాటును మొదటి నుంచి చూద్దాం.

మొదటి మెట్టు: దారి మీద అంచెలు వేయడం

అలావుద్దీన్ ఖిల్జీ (1296–1316) ఎక్కడికైనా సైన్యాన్ని పంపితే తపాలా ఏర్పాటు కూడా దానితో పాటే సాగేదని బరనీ రాశాడు. ఢిల్లీ పక్కనున్న తిల్పత్ దగ్గర మొదటి ఠాణా పడేది. సైన్యం ఎంత దూరం పోతే అంత దూరం, వీలున్న ప్రతి మజిలీలో ఒక ఠాణా వెలిసేది. ఠాణాల్లో వేగంగా పరుగెత్తే గుర్రాలను కట్టి ఉంచేవారు. ఠాణాకూ ఠాణాకూ మధ్య అర కోసుకో పావు కోసుకో కాలిబంట్లను నిలిపేవారు. గుర్రాలున్న చోట, దారిలోని ఊళ్లలో, అధికారులతో పాటు వార్తలు రాసే లేఖకులను కూడా నియమించేవారు.

కబురు మోసేవాడు, కబురు రాసేవాడు ఒకే దారిలో కలిసి ఉండడం ఇందులో గమనించవలసిన సంగతి. బంటు చేతిలోని ఉత్తరం సేనాపతి రాసినదే కానక్కరలేదు. దారిలో ఏ ఊళ్లో ఏం జరిగినా అక్కడి లేఖకుడు విడిగా రాసి పంపగలడు. సేనాపతి దాచిన సంగతి కూడా సుల్తానుకు మరో చేతి మీదుగా చేరే వీలుండేది.

రెండో మెట్టు: గుర్రం అంచె, కాలి అంచె

ఇబ్న్ బతూతా వచ్చేనాటికి, అంటే ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలానికి, ఈ ఏర్పాటు రెండు రకాలుగా స్థిరపడింది. గుర్రపు తపాలాను ఉలాక్ అనేవారు. నాలుగు మైళ్లకొకచోట సుల్తాను గుర్రాలు సిద్ధంగా ఉండేవి. కాలి తపాలాను ధావా అనేవారు. దీనికి మైలుకు మూడు అంచెలు. ఆయన మైలు అన్నది ఇక్కడి కోసు. ఆ లెక్కన అంచెకూ అంచెకూ మధ్య దూరం ఒక కిలోమీటరుకు అటూ ఇటూ ఉంటుంది.

ప్రతి అంచె దగ్గరా జనం కాపురముండే ఒక పల్లె, ఆ పల్లె బయట మూడు చావిళ్లు. నడుం బిగించి, పరుగుకు సిద్ధంగా బంట్లు ఆ చావిళ్లలో కూర్చుని ఉండేవారు. ఒక్కో అంచెకు పదిమంది బంట్లు ఉండేవారని అల్ ఉమరీ అంటాడు. కిలోమీటరుకొక అంచె వంతున లెక్కవేస్తే, సుమారు 1,100 కిలోమీటర్ల ఢిల్లీ–దేవగిరి దారికే పదకొండు వేలమంది బంట్లు కావాలి. ఇంతమందిని ఏడాది పొడవునా తిండిపెట్టి నిలపడం పల్లెల ఆసరా లేకుండా అయ్యే పని కాదు. అంచెను ఊరి పక్కనే పెట్టడం అందుకే అనుకోవచ్చు.

గుర్రం కంటే కాలిబంటే ముందు చేరేవాడని ఇబ్న్ బతూతా స్పష్టంగా రాశాడు. కొలతలు చూస్తే కారణం ఊహించవచ్చు. గుర్రం నాలుగు కోసులు పరుగెత్తాలి కనుక మొదటి కోసులోనే శక్తినంతా ఖర్చుపెట్టలేదు. బంటు పరుగెత్తవలసింది ఒక్క కిలోమీటరే. ఉన్న ఊపిరంతా అందులో పెట్టేయవచ్చు, ఆ తర్వాత కూర్చుని అలుపు తీర్చుకోవచ్చు. చీకట్లో రాళ్లదారిలో, వాగు ఒడ్డున, అడవిలోని కాలిబాటలో గుర్రం తడబడే చోట కూడా రోజూ అదే దారి తొక్కే బంటు కాలు తడబడదు. తన కిలోమీటరులో ప్రతి రాయీ వాడికి తెలుసు.

మూడో మెట్టు: ఉత్తర్వు చేతికివ్వడం

సుల్తాను ఆజ్ఞను కాగితం మీద పెట్టే పని దివాన్-ఇ-ఇన్షా అనే లేఖన శాఖది. తపాలానూ వేగునూ కలిపి చూసే పెద్ద అధికారి బరీద్-ఇ-ముమాలిక్. ఫర్మానా సిద్ధమై నగరం దాటే క్షణం నుంచి అది బంటు చేతిలోనిది.

బంటు దగ్గర ఉండే పరికరం ఒక్కటే. రెండు మూరల పొడవున్న కర్ర, దాని కొసన రాగి గంటలు. ఒక చేతి వేళ్ల మధ్య ఉత్తరం, మరో చేతిలో ఆ కర్ర. పరుగు మొదలైనప్పటి నుంచి కర్ర ఆడిస్తూనే ఉండాలి. ముందున్న చావడిలోని బంట్లకు మనిషి కనబడకముందే గంటల చప్పుడు వినబడుతుంది. ఒకడు లేచి దారి మీద నిలబడతాడు. వచ్చినవాడి చేతిలోని ఉత్తరం అందుకుని, తన కర్ర ఆడిస్తూ అదే వేగంతో సాగిపోతాడు.

చీటీ చూపించడం, లెక్క రాయడం, గుర్రానికి జీను వేయడం వంటివేవీ ఈ మార్పిడిలో ఉన్నట్టు ఇబ్న్ బతూతా చెప్పలేదు. దేవగిరి దారిలో వెయ్యికి పైగా మార్పిళ్లు జరగాలి. ఒక్కోచోట రెండే నిమిషాలు పోయినా మొత్తం మీద రోజున్నర పోయినట్టే. కర్రకున్న గంటలు మిగిల్చేది ఆ రోజున్నరనే.

నాలుగో మెట్టు: వేగాన్ని లెక్కకట్టడం

సింధు నుంచి ఢిల్లీకి మామూలు ప్రయాణం 50 రోజులు. అక్కడి వేగు అధికారులు రాసే ఉత్తరాలు మాత్రం ఐదు రోజుల్లో సుల్తానుకు అందేవని ఇబ్న్ బతూతా చెప్పాడు. ఇది ఆయనకు స్వయంగా తెలిసిన సంగతే. 1333 సెప్టెంబరులో ఆయన సింధు నది ఒడ్డుకు చేరగానే, వచ్చిన పరదేశుల గురించి ఢిల్లీకి ఉత్తరం పోయింది. ఇలాంటి ఉత్తరాల్లో మనిషి రూపం, బట్టలు, వెంట ఉన్న బానిసలు, పనివాళ్లు, పశువులు ఎన్ని, నడతలో మర్యాద ఎలాంటిది, అన్నీ వివరంగా ఉండేవట. కొత్తగా వచ్చినవారు ముల్తానులో ఆగి, ఢిల్లీ నుంచి అనుమతి వచ్చాకే ముందుకు కదలాలి.

ఐదు రోజులన్నది అతిశయోక్తేమో చూద్దాం. ఐదు రోజులంటే 120 గంటలు. రాత్రీ పగలూ ఆగకుండా గంటకు ఎనిమిది కిలోమీటర్లు సాగితే 960 కిలోమీటర్లు వస్తుంది. కిలోమీటరుకొక కొత్త మనిషి అందుకునే పరుగులో ఆ వేగం సాధ్యమే. అదే వేగంతో దేవగిరికి ఆరు రోజులు పడుతుంది. 40 రోజుల దారి ఆరు రోజులకు తగ్గిందన్నమాట.

ఈ బంట్ల చేత మోయించినవి ఉత్తరాలు మాత్రమే కావు. ఖురాసాన్ పళ్లను పళ్లేల్లో పెట్టి సుల్తాను దగ్గరికి పరుగున తెచ్చేవారు. సుల్తాను దౌలతాబాదులో ఉంటే ఆయన తాగడానికి గంగనీళ్లు ఈ దారినే వచ్చేవి. పెద్ద నేరస్థులను మంచం మీద పడుకోబెట్టి, ఆ మంచాన్ని తలలకెత్తుకుని పరుగెత్తేవారు. దౌలతాబాదు దారిలో అంచెల దగ్గర నగారాలు కూడా ఉండేవని అల్ ఉమరీ రాశాడు. ఒక నగరం కోట తలుపు తెరిచినా మూసినా నగారా మోగేది, అది విని పక్క అంచెలో మోగించేవారు. చప్పుడు చెప్పగలిగేది ఒక్క సంగతే, వివరం కావాలంటే కాగితమే పరుగెత్తాలి.

ఐదో మెట్టు: తెగినప్పుడు గుర్తుపట్టడం

అలావుద్దీన్ కాలంలో సైన్యం నుంచి కబురు రోజూ, లేదంటే రెండు మూడు రోజులకొకసారి ఢిల్లీ చేరేది. ఈ క్రమమే ఏర్పాటుకు పరీక్ష. రావలసిన రోజున ఉత్తరం రాకపోతే దారిలో ఎక్కడో అంచె పడిపోయినట్టు. ఎక్కడ పడిందో, ఎవరు పడగొట్టారో మాత్రం ఆ మౌనం చెప్పదు. తెలుగు నేల మీద ఇది రెండుసార్లు జరిగింది.

మొదటిది 1310లో. అలావుద్దీన్ సేనాపతి మాలిక్ కాఫుర్ ఓరుగల్లు మట్టికోట చుట్టూ దిగి ఉన్నాడు. తెలంగాణ దారులు చెడి, కొన్ని ఠాణాలు పోయాయి. నలభై రోజులకు పైగా ఢిల్లీకి కబురు లేదు. అలావుద్దీన్ ఆందోళనపడి సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా దగ్గరికి మనుషులను పంపాడని, అదే రోజు సాయంత్రపు నమాజు వేళకు ఓరుగల్లు విజయలేఖతో బంట్లు వచ్చారని బరనీ రాశాడు. ఆ కలతంతా ఢిల్లీలోనే ఉండిపోయింది. సైన్యం చెదరలేదు.

రెండోది 1321లో, ఈసారి మౌనం సైన్యం వైపు. గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్, అంటే తర్వాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్, ఓరుగల్లును ముట్టడించాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు కప్పం ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ఢిల్లీ నుంచి వారానికి రెండు మూడుసార్లు రావలసిన ఉత్తరాలు దాదాపు నెలరోజులు ఆగిపోయాయి. దారిలో కొన్ని ఠాణాలు పోవడమే కారణమని బరనీ చెబుతాడు. శిబిరంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఉబైద్ అనే కవి, షేక్‌జాదా దిమిష్కీ అనేవాడు కలిసి, సుల్తాను చనిపోయాడనీ, ఢిల్లీలో కొత్తవాడు గద్దెనెక్కాడనీ పుకారు పుట్టించారు. ఉలుగ్ ఖాన్ మిమ్మల్ని చంపిస్తాడని పెద్ద సర్దారులను కూడా బెదిరించారు. సర్దారులు తమ దళాలతో వెళ్లిపోయారు. కోటలోని సైన్యం బయటికొచ్చి శిబిరం మీద పడింది. ఉలుగ్ ఖాన్ దేవగిరి వైపు తిరుగుముఖం పట్టాడు. సుల్తాను క్షేమమన్న ఉత్తరాలతో ఢిల్లీ బంట్లు ఆ వెనుదిరిగే దారిలోనే ఆయనకు ఎదురయ్యారు.

ఆ ఉత్తరం కొన్ని రోజులు ముందొస్తే పుకారుకు చోటుండేది కాదు. అబద్ధానికి జవాబు చెప్పగల కాగితం దారిలో చిక్కుకుంది. అది ఎందుకు చిక్కుకుందో చెప్పగల ఏర్పాటు మరొకటి లేదు. ఒకే దారి, ఒకే గొలుసు. వెయ్యి అంచెల్లో ఏ కొన్ని పోయినా మిగిలినవన్నీ ఉండి కూడా లేనట్టే.

రెండోసారి వచ్చినప్పుడు ఉలుగ్ ఖాన్ దారిలోని బీదరు కోటను ముందుగా పట్టుకుని, ఆ తర్వాతే ఓరుగల్లు మీదికి వెళ్లాడు. 1323లో కోట లొంగింది, ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. దేవగిరి దారి లాంటిదే తెలంగాణ మీదుగా తమిళ తీరంలోని మాబర్ దాకా ఉందని ఇబ్న్ బతూతా రాయగలిగింది ఆ తర్వాతే. ఆ దక్షిణపు కొస ఎక్కువ కాలం నిలవలేదు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి తీసుకున్నాడు, ఢిల్లీ అధికారి మాలిక్ మక్బూల్ వెళ్లిపోయాడు. బంట్ల కాళ్లలో వేగం తగ్గినందుకు ఇలా కాలేదు. ఆ బంట్లను పోషించి, నీళ్లిచ్చి, దారి చూపిన పల్లెలు సుల్తాను చేతిలో లేకుండా పోయాయి.