తెర చుట్టూ ఉన్న రంగు

కంప్యూటరు తెరపై ఛాయాచిత్రాన్ని దిద్దే వ్యక్తి తన దృష్టి అంతా చిత్రం మీదనే ఉన్నదని భావిస్తాడు. కాని కన్ను ఏ రంగునూ ఒంటరిగా చూడదు. ప్రక్కనున్న దానితో పోల్చి, ఆ పోలికనే రంగుగా గ్రహిస్తుంది. అందువల్ల చిత్రం చుట్టూ ఏమున్నది అనే ప్రశ్న అలంకారానికి సంబంధించినది కాదు. దిద్దుబాటు సరిగా జరుగుతుందా లేదా అన్నది దాని మీదనే ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో మేము ఆ పరిసరాన్ని గురించి, దానిని అదుపులో ఉంచే మూడు చిన్న ఏర్పాట్లను గురించి వివరింపదలచాము.

ఈ విషయం కంప్యూటరుతో పుట్టినది కాదు. పారిస్ నగరంలోని గోబెలిన్ చిత్రవస్త్రాల కర్మాగారంలో అద్దకపు శాఖకు 1824లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అధిపతి అయ్యాడు. నీలం, ఊదా వస్త్రాలలో నీడలకై వాడిన నల్లదారం వెలవెలబోతున్నదని అక్కడ ఫిర్యాదు ఉండేది. ఆయన ఆ దారాన్ని ఇతర కర్మాగారాల నల్లదారంతో పోల్చి చూచి, అద్దకంలో లోపం లేదని తేల్చాడు. నలుపును బలహీనంగా కనిపింపజేసినది ప్రక్కనున్న రంగే. ఈ పరిశీలనను విస్తరించి ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథాన్నే ప్రకటించాడు. ఆ దారానికి పట్టిన గతే నేడు మన తెర మీది చిత్రానికీ పడుతున్నది.

ఒక ఉదాహరణను తీసుకొందాము. కళాశాల వార్షికోత్సవపు చిత్రం ఒకటి పత్రిక కొరకు దిద్దవలసి ఉన్నది. వరండా నీడలో నిలిచిన విద్యార్థి తెల్లని కుర్తా ధరించి ఉన్నాడు. కుర్తా మీద ఒక చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు 214, 214, 213 అని ఉన్నవనుకొందాము; అనగా అది దాదాపు రంగు లేని లేత తెలుపు. కాని తెర మీద చిత్రం వెనుక ముదురు నీలపు ఆకాశం వాల్‌పేపరుగా ఉన్నది. కన్ను ఆ నీలానికి అలవాటు పడి, దానికి ఎదురైన పసుపును కుర్తాలో చూస్తుంది. దిద్దేవాడు పసుపు ఎక్కువైనదని తలచి నీలాన్ని పెంచుతాడు. తెర మీద ఇప్పుడు కుర్తా ముచ్చటగా కనబడుతుంది. అంకెలు మాత్రం 206, 211, 224కు చేరినవి. అచ్చయిన కాగితం చుట్టూ నీలపు ఆకాశం ఉండదు గనుక అక్కడ కుర్తా నీలిమందు ఎక్కువైన చాకలి మూటలా తేలుతుంది, ముఖాలు పాలిపోతాయి. దోషం ప్రెస్సువారి మీద పడుతుంది.

రంగు విషయం ఇట్లుండగా వెలుగు విషయమూ అంతే. చిత్రం చుట్టూ మెరిసే తెలుపు ఉంటే చిత్రం చీకటిగా తోచి, అవసరానికి మించి వెలుగు పెంచుతాము. చుట్టూ కటిక నలుపు ఉంటే నీడలు తేలికగా తోస్తాయి. వాటిని ఇంకా ముదురు చేస్తాము, ముద్రణలో నల్లని జుట్టు, నల్లని షేర్వానీ ఒకే ముద్దగా కలిసిపోతాయి. నల్లని నేపథ్యం కంటికి ఇంపుగా ఉంటుంది గాని తీర్పునకు పనికిరాదని మా అభిప్రాయం.

కనుక కావలసినది ఏ రంగువైపునకూ మొగ్గని, నలుపు తెలుపులకు నడిమిదైన బూడిద రంగు. దానిని పొందుటకు మూడు అంకెలూ సమానంగా ఉండాలి. 119, 119, 119 అనే విలువ, అనగా `#777777`, అనుకూలమైనది. అది తెలుపు వెలుగులో సుమారు 18 శాతమే అయినా, కంటికి నలుపు తెలుపుల మధ్య సగం దూరంలో ఉన్నట్లు తోస్తుంది. వాల్‌పేపరుగా బొమ్మను తీసివేసి ఈ ఒక్క రంగును పెట్టుకొంటే చాలు. అయితే బూడిద పరిసరంలో ఒక చిక్కు ఉన్నది: తెలుపు ఎంత తెల్లగా ఉండాలో చెప్పే కొలత కంటికి దొరకదు. అందుచేత చిత్రం అంచున సన్నని తెల్లని చట్రం ఉంచటం మేలు. అది కాగితపు తెలుపునకు ప్రతినిధి. darktable అనే ఉచిత సాఫ్ట్‌వేరులో `Ctrl+B` నొక్కితే బూడిద నేపథ్యం మీద తెల్లని చట్రంతో చిత్రం కనిపిస్తుంది.

వాల్‌పేపరు మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు, ఏలయనగా చిత్రానికి అతి సమీపంలో ఉండేది వాల్‌పేపరు కాదు, పనిముట్ల పట్టీలు. రంగురంగుల గుర్తులు, ఎంచుకొన్న ఎర్రని రంగు గడి, అడుగున మిలమిలలాడే టాస్క్‌బారు — ఇవన్నీ చిత్రపు అంచును ఆనుకొని ఉంటాయి. దిద్దుతున్నంత సేపు అవి అవసరమే. తీర్పు చెప్పవలసిన క్షణంలో మాత్రం వాటిని మాటు చేయాలి. GIMPలో `Tab` నొక్కితే ప్రక్క పట్టీలు మాయమవుతాయి, `F11` నొక్కితే చిత్రం తెరంతా పరచుకొంటుంది. పూర్తి తెరలో చిత్రం చుట్టూ మిగిలే ఖాళీకి వేరే రంగు ఉంటుంది. `View > Padding Color` ద్వారా దానికి కూడా బూడిద రంగే ఇవ్వాలి. పిమ్మట కొద్దిసేపు ఆగి, కన్ను కుదుటపడిన తరువాత చిత్రాన్ని చూడాలి. నీలపు నేపథ్యం నుండి వచ్చిన కన్ను వెంటనే తటస్థం కాదు.

ఇక తెరకు బయటి సంగతి. గదిలోని వెలుగు తెర మీద పడి, కొంత తిరిగి మన కంటికి వస్తుంది. ఇది ఎంత హాని చేస్తుందో ఒక లెక్క చూద్దాము. తెర తెలుపు 100 క్యాండెలాలు, నలుపు 0.1 క్యాండెలా ఉన్నదనుకొందాము. తేడా వెయ్యి రెట్లు. దాని మీద 300 లక్సుల వెలుగు పడి, అందులో ఒక్క శాతం అన్ని వైపులకూ చెదిరిందనుకొంటే, తెర మీద ప్రతిచోటా సుమారు 0.95 క్యాండెలా కలుస్తుంది. తెలుపునకు అది లెక్కలోనికి రాదు. నలుపు మాత్రం 1.05కు పెరుగుతుంది, వెయ్యి రెట్ల తేడా సుమారు 96 రెట్లకు దిగజారుతుంది. నీడలలోని వివరాలు ఆ పొరలో మునిగిపోతాయి. ట్యూబులైటు వెలుగునకు గాని, గోడ సున్నానికి గాని ఒక రంగు ఉంటే ఆ రంగు కూడా ముందుగా నీడలలోనే చేరుతుంది.

దీనికి విరుగుడు నీడగొడుగు వంటి మూత. నల్లని ఫోమ్ బోర్డును తెర పై అంచుకు, రెండు ప్రక్కలకు, 20 సెంటీమీటర్ల వరకు ముందుకు వచ్చేటట్లు అమర్చి, లోపలి వైపు నల్లని ముఖమలు గుడ్డ అతికిస్తే సరిపోతుంది. నిగనిగలాడే నల్ల కాగితం పనికిరాదు, అది తెర వెలుగునే తిరిగి తెర మీదకు పంపుతుంది. వెనుక వేడి వెళ్ళే రంధ్రాలను మూయకూడదు.

ఈ మూతకు హద్దులున్నవి. దాదాపు తలపైన ఉన్న ట్యూబులైటును అది చక్కగా ఆపుతుంది. ఏటవాలుగా దిగువ నుండి వచ్చే వెలుగు అయితే తెర పైభాగానికి మాత్రమే నీడ పడి, క్రింది భాగం తేలికగా కనిపిస్తుంది. అప్పుడు ఒకే చిత్రంలో రెండు తీర్పులు వస్తాయి. కూర్చున్నవాని వీపు వెనుక కిటికీ ఉంటే మూత ఏమీ చేయలేదు, బల్లనే తిప్పుకోవాలి. తెర స్వయంగా తప్పు రంగు చూపుతూ ఉంటే దానిని సరిచేయటం కాలిబ్రేషను పరికరం పని. మూత గాని బూడిద గాని ఆ పని చేయవు.

మూత సరిగా అమరినదా అని తెలుసుకొనుటకు, గది దీపాలు వెలుగుతుండగా తెరను ఆపివేసి, రోజూ కూర్చునే చోటనే కూర్చుని చూడాలి. తెర మీద మన చొక్కా, వెనుక గోడ, దీపపు మెరుపు ఏది కనబడినా అది చిత్రం నీడలలో కూడా ఉన్నదన్నమాట. లేత రంగు చొక్కా ఎక్కువగా ప్రతిఫలిస్తుంది. దిద్దే పూట ముదురు రంగు దుస్తులు మేలు. మన ఉదాహరణలోని కుర్తాను ఇటువంటి చోట మరల చూస్తే దాని నీలం స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు కూడా అంకెలు చూచుకోవటం మంచిదే గాని, మూడింటినీ బలవంతంగా సమానం చేయకూడదు. ఎర్రని షామియానా క్రింద నిలిచినవాని కుర్తా ఎర్రని జీరతోనే ఉండాలి.