తెరపై ‘ఇక్కడ’, తెర వెలుపల ఈల

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినా, సైనైడుతో బంగారాన్ని వేరుచేయగా మిగిలిన మట్టి దిబ్బలు నేటికీ ఊరి నడుమ నిలిచే ఉన్నాయి. వాటిపై పిల్లలను ఆడనివ్వవద్దని హెచ్చరించే ఒక చిన్న వీడియోను ఉదాహరణగా తీసుకోవచ్చు.

వ్యాఖ్యాత “పిల్లలను ఇక్కడికి పంపకండి” అంటాడు. ‘ఇక్కడ’ అంటే ఎక్కడో అంధ శ్రోతకు తెలియదు. ఆ మాట తరువాత 4 సెకన్ల విరామం ఉంటే, “చెట్టులేని బూడిదరంగు దిబ్బపై ఇద్దరు పిల్లలు జారుతున్నారు” అనే వర్ణన అందులో ఇముడుతుంది. ‘ప్రమాదకరంగా’ అని చేర్చనక్కరలేదు. దృశ్యమే ఆ పని చేస్తుంది. విరామం లేనప్పుడు వర్ణనను వ్యాఖ్యాత గొంతుపై మోపితే రెండూ వినబడవు. అప్పుడు వ్యాఖ్యనే “పిల్లలను సైనైడు దిబ్బల మీదికి పంపకండి” అని మార్చడం మేలు.

అంతలో పిల్లలు ఉలిక్కిపడి పరుగెత్తుతారు. కారణం తెర వెలుపలి ఈల. అది మోగిన క్షణంలోనే [కాపలాదారు ఈల] అన్న క్యాప్షన్ కనబడాలి. ఆలస్యమైతే బధిర ప్రేక్షకునికి ఆ పరుగు అకారణంగా తోస్తుంది. గాలి హోరును వదిలివేయవచ్చు. కాపలాదారు తమిళంలో కేకవేస్తే మాత్రం, [తమిళంలో కేక] అని సరిపెట్టక, అతడన్న మాటకు తెలుగు అర్థాన్నే రాయాలి.